ఒక్క సంతకమే కదా బావా!

బ్యాంకులో మేనేజరు బల్ల ముందు బావా బావమరుదులు కూర్చున్నారు. బావ ప్రభుత్వ బడిలో టీచరు. బావమరిది కొత్తగా హార్డ్‌వేర్ షాపు పెడుతున్నాడు. పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా బావ సంతకాలు పెడుతూ పోతున్నాడు. "ఊరికే సాక్షి సంతకం లాంటిదే బావా, కిస్తీలు కట్టేది నేనేగా" అంటున్నాడు బావమరిది. ఏ కాగితంలో ఏముందో బావ చదవలేదు. భార్య తమ్ముడి ముందు కూర్చుని కాగితాలు చదివితే నమ్మకం లేనట్టు ఉంటుందని మొహమాటం.

ఇలాంటి దృశ్యం ఎన్నో ఇళ్లలో జరిగే ఉంటుంది. అసలు చిక్కంతా 'సాక్షి' అనే ఆ ఒక్క మాటలోనే ఉంది. సాక్షి సంతకానికి, ష్యూరిటీ సంతకానికి పోలికే లేదు. ఫలానా మనిషి నా కళ్ల ముందు సంతకం పెట్టాడని చెప్పడంతో సాక్షి పని అయిపోతుంది. ష్యూరిటీ ఉన్నవాడు మాత్రం అతను కట్టకపోతే నేను కడతానని రాసిచ్చినట్టు. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యత కూడా అంతే. అసలు, వడ్డీ, ఆలస్యానికి వేసే అపరాధ చార్జీలు, కోర్టు ఖర్చులు అన్నీ అందులోకి వస్తాయి.

"ముందు వాణ్ని అడుగుతారు, వాడి షాపు అమ్ముతారు, అప్పటికీ చాలకపోతేనే నా దగ్గరికి వస్తారు" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యానికి చట్టంలో చోటు లేదు. బ్యాంక్ ఆఫ్ బిహార్, దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1968లోనే ఈ సంగతి తేల్చేసింది. అప్పు తీసుకున్నవాడి మీద అన్ని ప్రయత్నాలూ అయ్యేదాకా హామీదారు జోలికి రాకూడదంటే ఇక హామీ తీసుకుని ప్రయోజనమేముందన్నది కోర్టు మాటల సారాంశం. కాబట్టి బ్యాంకు ఇద్దరినీ కలిపి అడగవచ్చు, నేరుగా హామీదారునే అడగవచ్చు. షాపు వాడి ఆచూకీ దొరక్క, నెలజీతం వచ్చే టీచరు మాత్రం ఒకే చిరునామాలో ఉంటే వసూలు ఎవరి దగ్గర తేలికో చెప్పనక్కర్లేదు.

ఇక లెక్కలోకి వెళ్దాం. బావమరిది తీసుకున్నది 12 శాతం వడ్డీకి, 5 ఏళ్లలో తీర్చేలా 8 లక్షల రూపాయలు అనుకుందాం. నెలకు కిస్తీ దాదాపు 17,800. పద్నాలుగు కిస్తీలు సక్రమంగా కట్టాడు. తర్వాత వ్యాపారం దెబ్బతిని ఆపేశాడు. అప్పటికి ఇంకా సుమారు 6 లక్షల 53 వేలు బాకీ ఉంది. 90 రోజులు దాటినా కట్టకపోతే బ్యాంకు దాన్ని మొండి బాకీల్లో చేరుస్తుంది. మరో ఏడు నెలలు గడిచేసరికి, ఏ చార్జీలూ కలపకుండానే, బాకీ 7 లక్షల 20 వేలు దాటుతుంది. ఇన్నాళ్లూ బావమరిది నోరు విప్పడు. సిగ్గు ఒక పక్క, వచ్చే నెల ఎలాగో సర్దేస్తానన్న ఆశ ఇంకో పక్క. బ్యాంకు ఉత్తరం పాత అద్దె ఇంటి చిరునామాకు వెళ్లి ఉంటుంది.

బావకు సంగతి తెలిసేది సొంత ఇంటి లోనుకు వెళ్లినప్పుడు. ఆయన జీతం 72 వేలు. అందులో సగం దాకా కిస్తీలకు పోవచ్చని బ్యాంకు ఒప్పుకుంటే 36 వేలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు లక్షకు 868 రూపాయల చొప్పున కిస్తీ పడుతుంది. అంటే 41 లక్షల దాకా లోను రావాలి. కానీ ఆయన క్రెడిట్ రిపోర్టులో బావమరిది అప్పు కూడా 'గ్యారంటార్' అన్న మాటతో నమోదై ఉంటుంది. అప్పు సవ్యంగా నడుస్తున్నా కొన్ని బ్యాంకులు ఆ కిస్తీని కూడా హామీదారు లెక్కలోనే వేస్తాయి. అలా వేస్తే మిగిలే 18 వేల చిల్లరకు 21 లక్షలకు మించి రాదు. ఇక కిస్తీలు ఆగిపోయి ఉంటే, స్కోరు పడిపోయి ఆ కాస్త లోను కూడా దొరకడం కష్టం. తన చేతికి ఒక్క రూపాయి రాని అప్పు వల్ల ఆయన ఇంటి కల సగానికి కుంగిపోయింది.

బ్యాంకు కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకుంటే జీతం కూడా జప్తుకు లోనవుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోరు. మిగతా మూడో వంతును జప్తు చేయవచ్చు. మినహాయింపు ఉన్న అలవెన్సులు తీసేశాక 72 వేలే లెక్కలోకి వచ్చే జీతమైతే నెలకు సుమారు 23,600 రూపాయలు పోతాయి. ఒకే డిక్రీ కింద ఇలా 24 నెలల దాకా సాగవచ్చు. ప్రావిడెంట్ ఫండ్‌కు, ప్రభుత్వ పెన్షన్‌కు చట్టం రక్షణ ఇచ్చింది. ఇల్లు తనఖా పెట్టి హామీ ఇస్తే పరిస్థితి మరీ గడ్డు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టు డిక్రీ లేకుండానే బ్యాంకు ఆ ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు.

"నా పేరు తీసేయండి" అని తర్వాత ఉత్తరం రాస్తే సరిపోతుందా అని అడుగుతుంటారు. వాడకాన్ని బట్టి తీస్తూ కడుతూ ఉండే క్యాష్ క్రెడిట్ ఖాతా అయితే, ఇకపై ఇచ్చే డబ్బుకు నా హామీ లేదని నోటీసు ఇచ్చే హక్కు చట్టంలో ఉంది. మొత్తం ఒకేసారి ఇచ్చేసిన లోనుకు ఆ దారి మూసుకుపోయినట్టే. బ్యాంకు ఒప్పుకుని మరొక హామీదారును తీసుకుంటేనే బయటపడతారు. హామీదారు చనిపోయినా ఇచ్చిన అప్పు మీద బాధ్యత పోదు. ఆయన వదిలిన ఆస్తి మేరకు అది వారసులను వెంటాడుతుంది. ఈ మాట ఇంట్లో భార్యాబిడ్డలకు తెలియాలి. ఎందుకోగాని మనవాళ్లు ష్యూరిటీ సంతకం సంగతి ఇంట్లో చెప్పరు.

బావ మొత్తం కట్టేస్తే ఆ డబ్బు బావమరిది నుంచి రాబట్టుకునే హక్కు 140, 145 సెక్షన్లు ఇస్తాయి. కట్టిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. అయితే భార్య తమ్ముడి మీద దావా వేసే బావ ఎంతమంది ఉంటారు? వేసినా చేతిలో ఏమీ లేనివాడి దగ్గర డిక్రీతో వచ్చేదేముంది? కాగితం మీది ఈ హక్కును నమ్ముకుని సంతకం పెట్టడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

అందుకే సంతకానికి ముందే అడగాల్సినవి అడగాలి. హామీ మొత్తానికి పరిమితి రాయించమనండి: మొత్తం అప్పుకు కాకుండా 2 లక్షల వరకే అని. బ్యాంకు ఒప్పుకోకపోవచ్చు, అడిగితే తప్పులేదు. హామీ పత్రం నకలు తీసుకోండి, మీ ఇప్పటి చిరునామా, ఫోను నంబరు అందులో ఉండేలా చూడండి. కిస్తీ కట్టిన మెసేజ్ ప్రతి నెలా నాకు పంపాలని బావమరిదికి మొహం మీదే చెప్పండి. అప్పు తీరాక బాకీ లేదన్న పత్రం, హామీ రద్దయినట్టు ఉత్తరం బ్యాంకు నుంచి అడిగి తీసుకోండి. వాటన్నిటికంటే, పోయినా ఫరవాలేదనుకున్న మొత్తాన్ని చేబదులుగా ఇచ్చి సంతకం మానుకోవడమే మేలు. ఆ నష్టానికి హద్దు ఉంటుంది.

ఇప్పటికే ఎవరికైనా సంతకం పెట్టి ఉంటే మాత్రం ఈ నెలలోనే మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొక సంస్థ చొప్పున తీసుకుంటే ఏడాది పొడుగునా నిఘా ఉన్నట్టే. 'గ్యారంటార్' అని ఉన్న వరుసలో ఒక్క కిస్తీ ఆలస్యమైనట్టు కనిపించినా ఆ రోజే బావమరిదికి ఫోను చేయండి. తొంభై రోజులు నిండకముందు మాట్లాడితే కట్టాల్సింది రెండు మూడు కిస్తీలే.