చేర్చిన మనిషికీ అదే లెన్స్

ఏ లెన్సూ దృశ్యాన్ని ఉన్నదున్నట్టు సెన్సర్ మీద పరచదు. గీతలను కాస్త వంచుతుంది, రంగులను కాస్త విడదీస్తుంది, అంచుల దగ్గర వెలుతురును కాస్త తగ్గిస్తుంది. ఫొటో మొత్తం ఒకే లెన్స్‌ గుండా వచ్చినంతసేపు చూసేవాళ్ల కంటికి ఈ మూడూ ఆనవు. బయటి నుంచి తెచ్చిన బొమ్మను అందులో చేర్చినప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. కత్తిరింపు శుభ్రంగా ఉన్నా, వెలుగు పడే దిక్కు కుదిరినా, ఆ మనిషి ఎందుకో అతికించినట్టే ఉంటాడు.

పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే స్టూడియోలకు ఇది తరచూ ఎదురయ్యే పని. అందరూ నిలబడిన గ్రూప్ ఫొటోలో, డాలస్‌లో ఉండిపోయిన పెళ్లికొడుకు అన్నను కుడి చివర చేర్చమంటారు. గ్రూప్ ఫొటోను ఏపీఎస్-సి సెన్సర్ కెమెరాతో, దానితో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్స్‌తో, 18 మి.మీ. దగ్గర f/3.5లో తీశారనుకుందాం. దాని సైజు 6000×4000 పిక్సెళ్లు, నడిబిందువు (3000, 2000). అన్న ఫొటో ఫోన్‌లో తీసినది, అతను ఫ్రేము మధ్యలో ఉన్నాడు. గ్రూప్‌లో అతని తల (5500, 1500) దగ్గరకు రావాలి.

ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: గ్రూప్ ఫొటోలో లెన్స్ దోషాలు అసలు మిగిలి ఉన్నాయా? నేటి కెమెరాలు చాలావరకు జేపెగ్ రాసేటప్పుడే వంపునూ రంగు అంచులనూ సరిచేసేస్తాయి. ఫోన్లూ అంతే. అందుకే అన్న ఫొటోలో తొలగించాల్సింది పెద్దగా ఉండదు. గ్రూప్ ఫొటో సంగతి తెలియాలంటే, మండపం స్తంభమో గోడ అంచో ఫ్రేము పక్కకు దగ్గరగా ఉన్నచోట ఒక నిలువు గీత గీసి పోల్చాలి. స్తంభం మధ్యలో బయటికి ఉబ్బి, పైనా కిందా లోపలికి వంగితే అది పీపా వంపు. వంపు లేని ఫొటోలో చేర్చిన మనిషిని వంచితే కొత్త దోషాన్ని పుట్టించినట్టే.

మరో చిక్కు, ఫొటోను ఎవరైనా ముందే క్రాప్ చేసి ఉండడం. లెన్స్ దోషాలన్నీ లెన్స్ నడిబిందువు నుంచి చుట్టూ విస్తరిస్తాయి. ఎడమ పక్క కత్తిరించేసిన ఫొటోలో ఆ బిందువు ఫొటో మధ్యలో ఉండదు. దాన్ని రంగు అంచులే పట్టిస్తాయి. అవి ఏ చోట పూర్తిగా మాయమై, అక్కణ్నుంచి రెండు వైపులా ఎదురెదురు దిక్కుల్లో పెరుగుతాయో అదే అసలు నడిబిందువు. కత్తిరించిన మేర ఖాళీ జాగా కలిపి కాన్వాస్‌ను మళ్లీ పాత కొలతకు తెచ్చాకే మిగతా పని మొదలుపెట్టాలి.

ఇక వంపు. లెక్క కోసం చిన్న సూత్రం చాలు. నడిబిందువు నుంచి ఒక చోటికి ఉన్న దూరాన్ని, నడిబిందువు నుంచి మూలకు ఉన్న దూరంతో భాగించాలి. మనం తీసుకున్న ఫొటోలో మూల దూరం 3606 పిక్సెళ్లు. ఆ భాగఫలాన్ని వర్గం చేస్తే, వంపు దాదాపు ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. మూల దగ్గర 4 శాతం లోపలికి లాగే లెన్స్ అనుకుంటే, అన్న తల దూరం 2550, వర్గం సుమారు 0.5. అంటే అక్కడ 2 శాతం, దాదాపు 51 పిక్సెళ్లు లోపలికి జరగాలి. అడ్డంగా వచ్చే జరుగుడు మాత్రమే చూస్తే తల దగ్గర 50, నడుము దగ్గర 48, (5500, 3300) దగ్గరున్న పాదాల వద్ద 61 పిక్సెళ్లు. నిటారుగా నిలబడ్డ మనిషి నడుముకూ పాదాలకూ మధ్య 13 పిక్సెళ్ల మేర వంగుతాడన్నమాట. పంచె కట్టుకున్న మనిషిలో అది ఎవరికీ కనిపించదు. అతను కూర్చున్న కుర్చీనో, వెనకున్న తలుపు చట్రాన్నో కూడా కలిపి చేర్చితే మాత్రం తప్పక కనిపిస్తుంది.

మనుషుల విషయంలో వంపు కన్నా ఎక్కువగా పట్టిచ్చేది మరొకటి ఉంది. నిజానికి అది లెన్స్ దోషమే కాదు. వెడల్పు కోణంలో తీసినప్పుడు ఫ్రేము చివర ఉన్నవాళ్లు సాగినట్టు కనిపిస్తారు. గుండ్రటి తల కూడా అక్కడ నడిబిందువుకు ఎడంగా లాగిన గుడ్డులా పడుతుంది. 18 మి.మీ. దగ్గర అన్న తల ఉన్న చోటు లెన్స్ నడి అక్షానికి 29 డిగ్రీల పక్కన ఉంటుంది. ఆ కోణానికి సాగుడు సుమారు 14 శాతం. అందువల్ల ఫోన్ ఫొటోలోని అన్నను ముందు అడ్డంగా 114 శాతానికి సాగదీసి, ఆ తరవాతే పీపా వంపు ఇవ్వాలి. ఆ వంపు ఈ సాగుడులో కొంత వెనక్కి లాగేసి, చివరికి 10 శాతం దగ్గర నిలబెడుతుంది. పక్కన నిలబడ్డ బాబాయి ముఖం వెడల్పుగా, అన్న ముఖం మాత్రం పాస్‌పోర్టు ఫొటోలా సన్నగా ఉండడమే అతికింపుకు మొదటి గుర్తు. అయితే అన్నను మరీ దగ్గర నుంచి తీసి ఉంటే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి ఉంటాయి. ఆ తేడా దూరం వల్ల వచ్చింది. దాన్ని ఏ ఫిల్టరూ తియ్యలేదు. గ్రూప్‌ను ఎంత దూరం నుంచి తీశారో అంత దూరం నుంచే మళ్లీ తీయించి పంపమనడం ఒక్కటే దారి.

ఫొటోషాప్‌లో వంపు ఇవ్వడానికి Filter మెనూలోని Lens Correction సరిపోతుంది. అందులో Remove Distortion మీటను ధన దిక్కుకు జరిపితే పీపా వంపు పోతుంది, ఋణ దిక్కుకు జరిపితే వస్తుంది. ఎంత జరపాలో అంచనా వేసే పని లేదు. వేరే లేయర్ మీద స్తంభం అంచుకు దగ్గరగా నిలువు గీత గీసి, అది స్తంభం వంపుతో కలిసేదాకా మీటను జరపాలి. రెండు మూడు ప్రయత్నాల్లో దొరికిన అంకెనే అన్న లేయర్‌కూ ఇవ్వాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. లేయర్‌లో అన్న బొమ్మ ఒక్కటే ఉంటే, వంపు అతని బొడ్డు చుట్టూ ఏర్పడే ప్రమాదం ఉంది, ఫొటో నడిబిందువు చుట్టూ కాదు. కాన్వాస్ నాలుగు మూలల్లో ఒక్కో చిన్న చుక్క పెడితే లేయర్ పూర్తి సైజుకు విస్తరిస్తుంది. చివర్లో ఆ చుక్కలను చెరిపేస్తే సరి.

రంగు అంచుల మర్మం ఇది: లెన్స్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలను ఒకే సైజులో వేయదు. ఎరుపు బొమ్మ ఆకుపచ్చ కన్నా వెయ్యోవంతు పెద్దదైతే, మధ్యలో ఏమీ తెలియదు గానీ 3000 పిక్సెళ్ల దూరంలో 3 పిక్సెళ్లు జరుగుతుంది. అన్న తల దగ్గర అది రెండున్నర పిక్సెళ్లు. తెల్ల గోడ ముందున్న నల్ల జుట్టుకు బయటి వైపున ఎరుపు కొరవడి నీలిపచ్చ గీత, నడిబిందువు వైపున ఎర్ర గీత వస్తాయి. నల్ల తెర ముందున్న తెల్ల చొక్కాకు ఇది సరిగ్గా తారుమారు అవుతుంది. మనిషి చుట్టూ ఒకే ఊదా రంగు గీత పూసి చేతులు దులుపుకుంటే ఇందుకే కుదరదు. ఈ అంచుల దిక్కును చూసి మార్చిన ఫొటోలను పట్టుకోవచ్చని మికా జాన్సన్, హానీ ఫరీద్ 2006లోనే ఒక పరిశోధన పత్రంలో చూపారు.

అన్న బొమ్మ లోపల మాత్రమే ఎరుపును జరిపితే సగం పనే అవుతుంది. రంగు అంచు అన్నకూ గోడకూ మధ్యన పుట్టాలి. కాబట్టి కత్తిరింపు హద్దు కూడా ఒక్కో రంగుకు ఒక్కోలా జరగాలి. దీనికి ఒక సులువైన ఉపాయం ఉంది. అన్న లేయర్‌కు మూడు నకళ్లు తీసి, ఒక్కోదాని Blending Options లో Channels దగ్గర R, G, B లలో ఒక్క టిక్కు మాత్రమే ఉంచాలి. ఆకుపచ్చ నకలును కదపకుండా, ఎరుపు నకలును Free Transform తో 100.1 శాతానికి పెంచాలి. మూలల్లో పెట్టిన చుక్కలు ఇక్కడ మళ్లీ ఉపయోగపడతాయి, వాటివల్ల పెంపు ఫొటో నడిబిందువు నుంచే జరుగుతుంది. నీలం నకలుకు ఎంత కావాలో గ్రూప్ ఫొటోలో మూలకు దగ్గరగా ఉన్న గట్టి అంచును 400 శాతం పెద్దది చేసి, ఛానెళ్లను ఒక్కొక్కటిగా చూసి కొలుచుకోవాలి. ఈ పద్ధతిలో కింద ఉన్న అసలు ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా మారదు. ఫోకస్ తప్పిన మెరిసే నగల చుట్టూ, ఫ్రేము మధ్యలో సైతం కనిపించే ఊదా, ఆకుపచ్చ మసక వేరే జాతి. అది నడిబిందువు నుంచి ఉన్న దూరాన్ని బట్టి రాదు, లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేస్తే తగ్గుతుంది. సైజు మార్చి దాన్ని తీసుకురాలేం.

అంచుల చీకటిని గ్రూప్ ఫొటోలోనే కొలవడం కష్టం. గోడ మీద దీపాల వెలుతురు ఎలాగూ సమానంగా ఉండదు, లెన్స్ తగ్గించిందెంతో దీపం తగ్గించిందెంతో విడదీయలేం. అదే లెన్స్ దొరికితే అదే 18 మి.మీ., అదే f/3.5 దగ్గర సమానంగా వెలిగే తెల్ల కాగితాన్నో మబ్బు పట్టిన ఆకాశాన్నో మసగ్గా ఒక ఫొటో తీయడం మేలు. అందులో మధ్యన విలువ 200, అన్న తల చోట 180 వచ్చిందనుకుందాం. చూడ్డానికి పది శాతమే తేడా. కానీ ఫైలులోని అంకెలు వెలుతురుకు నేరు కొలతలు కావు. లెక్క విప్పితే అక్కడ వెలుతురు 20 శాతం పైగా తగ్గింది, అంటే స్టాప్‌లో మూడో వంతు. Exposure సర్దుబాటులో -0.33 ఇచ్చినా ఆ ఒక్క చోటికి సరిపోతుంది, కానీ బయటి భుజం లోపలి భుజం కన్నా చీకటిగా ఉండాలి కదా. ఆ తెల్ల కాగితం ఫొటోనే నలుపు తెలుపు చేసి, మసకబరిచి, నడుమ పూర్తి తెలుపు అయ్యేదాకా Levels తో పెంచి, అన్న లేయర్‌కు Multiply పద్ధతిలో జోడిస్తే వాలు దానంతటదే వస్తుంది.

వరుస తప్పకూడదు: సాగుడు, వంపు, రంగు అంచులు, చీకటి, అన్నిటికన్నా చివర నాయిస్. నాయిస్ సెన్సర్‌లో పుట్టేది గనక దాన్ని ముందే వేస్తే వంపుతో పాటు అదీ సాగి, పొగమంచు మచ్చల్లా మారుతుంది. పని అయ్యాక పైన ఒక Hue/Saturation లేయర్ వేసి రంగుల గాఢతను తాత్కాలికంగా బాగా పెంచి చూడాలి. అన్న జుట్టు అంచుల్లోని గీతలు, అదే దూరంలో నిలబడ్డవాళ్ల గీతల రంగులోనే, దిక్కులోనే ఉంటే కుదిరినట్టు.

ఇంత శ్రమ ఎప్పుడు అవసరమన్నది అచ్చు సైజును బట్టి ఉంటుంది. ఇదే ఫొటోను 6×4 అంగుళాల ప్రింటు వేస్తే ఆ రెండున్నర పిక్సెళ్ల రంగు అంచు ఒక పిక్సెల్‌లోపు కుంచించుకుపోతుంది, ఎవరూ చూడలేరు. అక్కడ సాగుడు, చీకటి సరిచేస్తే చాలు. అదే 12×36 ఆల్బమ్ షీటు పొడవునా పరిస్తే ఆ అంచు మిల్లీమీటరులో మూడో వంతు దాటుతుంది. ఒళ్లో పెట్టుకుని చూసే పుస్తకంలో అది కంటికి అందే సైజే.