ఏ ట్యూబు దగ్గర ఆగింది?

జ్వరం నాలుగైదు రోజులు వదలకపోతే మన దగ్గర చాలామంది చేతికి వచ్చే కాగితం విడాల్ రిపోర్టు. అందులో ‘ఓ’ ఎదురుగా 1:160 అని ఉంటే, ‘టైఫాయిడ్ 160 ఉందట’ అని ఇంట్లో చెప్పుకుంటారు, షుగరు 160 ఉందన్నట్టుగానే. కానీ ఆ రెండు 160లూ ఒక జాతివి కావు. షుగరు 158 ఉండొచ్చు, 163 ఉండొచ్చు. విడాల్‌లో 160కి ముందు వచ్చేది 80, తర్వాత వచ్చేది 320. మధ్యలో ఇంకో అంకె ఉండదు. రోగి సీరాన్ని ప్రతిసారీ సగానికి సగం పలచన చేసుకుంటూ పోతే, ఏ ట్యూబు దాకా యాంటీబాడీల పని కంటికి కనబడిందో చెప్పే సంఖ్య అది. దాన్నే టైటర్ అంటారు.

టైఫాయిడ్ రోగి సీరం తగిలితే టైఫాయిడ్ బాక్టీరియా గుంపులు కడుతుందన్న గుణాన్ని ఫెర్నాండ్ విడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు 1896లో రోగనిర్ధారణకు వాడుకున్నాడు. ఇప్పుడు చంపేసిన బాక్టీరియా కలిపిన ద్రవం సీసాల్లో తయారుగా దొరుకుతుంది. అదే యాంటిజెన్. సీరంలో యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో ఈ పద్ధతిలో నేరుగా లెక్కపెట్టలేం. ఎంత పలచన చేసినా ఇంకా గుంపు కట్టించగలుగుతున్నాయో చూసి, వాటి బలాన్ని అంచనా వేస్తాం.

కొత్తగా ల్యాబ్‌లో చేరిన టెక్నాలజిస్టు ‘ఓ’ యాంటిజెన్‌తో ఈ పరీక్ష చేస్తున్నాడనుకుందాం. ర్యాక్‌లో ఏడు ట్యూబులు పెట్టాడు. మొదటిదాంట్లో 0.9 మి.లీ. సెలైన్, మిగతా ఆరింటిలో 0.5 మి.లీ. చొప్పున సెలైన్ పోశాడు. మొదటి ట్యూబులో 0.1 మి.లీ. సీరం వేసి బాగా కలిపాడు. మొత్తం 1 మి.లీ.లో సీరం పదో వంతు, అంటే 1:10. అందులోంచి 0.5 మి.లీ. తీసి రెండో ట్యూబులో పోసి కలిపితే 1:20 అయింది. అలాగే ఒక్కో ట్యూబు నుంచి పక్కదానికి 0.5 మి.లీ. చొప్పున మార్చుకుంటూ ఆరో ట్యూబుకు చేరేసరికి 1:320 వచ్చింది. ఆరో ట్యూబు నుంచి తీసిన 0.5 మి.లీ. పారబోశాడు. ఏడో ట్యూబులో సీరం పడదు. ఉత్త సెలైనే ఉండే ఆ ట్యూబు కంట్రోల్.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ర్యాక్‌ను కంటి ఎత్తుకు లేపి చూడాలి. ఏడింటిలోనూ ద్రవం ఒకే మట్టాన ఉండాలి. ఆరోదాంట్లో మట్టం పైకి ఉంటే చివరి 0.5 మి.లీ. పారబోయడం మరిచాడని అర్థం. మధ్యలో ఏదైనా ట్యూబు ఎక్కువ తక్కువగా ఉంటే ఆ చోట పిపెట్ తడబడింది. యాంటిజెన్ పోశాక తప్పును పట్టుకోవడం కష్టం, ఇప్పుడైతే తేలిక.

తర్వాత ఏడింటిలోనూ 0.5 మి.లీ. చొప్పున యాంటిజెన్ పోసి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాడు. తెల్లారి చూస్తే కంట్రోల్ ట్యూబులో బాక్టీరియా అడుగున చిన్న గుండీలా గట్టిగా కూర్చుంది. మొదటి నాలుగు ట్యూబుల్లో అడుగంతా సన్నని రేణువుల పొర పరుచుకుంది, పైద్రవం తేటగా ఉంది. అయిదు, ఆరు ట్యూబులు అచ్చం కంట్రోల్‌లాగే ఉన్నాయి. గుంపు కట్టిన ఆఖరి ట్యూబు నాలుగోది.

టైటర్ ఎంత? కుర్రాడు తన పుస్తకం చూసుకుని ‘1:80 మేడమ్’ అన్నాడు. సీరం పలచన చేస్తున్నప్పుడు నాలుగో ట్యూబు 1:80 అన్నది నిజమే. ‘తర్వాత యాంటిజెన్ పోశావు కదా, దాన్ని లెక్కలో వేశావా?’ అని సీనియర్ అడిగింది. 0.5 మి.లీ. ద్రవానికి ఇంకో 0.5 మి.లీ. చేరితే పలచన రెండింతలవుతుంది. కాబట్టి అసలు టైటర్ 1:160. నమ్మకం కుదరకపోతే సీరాన్నే వెంబడించి చూడవచ్చు. మొదటి ట్యూబులో వేసిన 0.1 మి.లీ.లో సగం అక్కడే మిగిలింది, 0.05. రెండో ట్యూబులో 0.025, మూడోదాంట్లో 0.0125, నాలుగోదాంట్లో 0.00625 మి.లీ. యాంటిజెన్ పోశాక నాలుగో ట్యూబులో మొత్తం 1 మి.లీ. ఉంది. 1ని 0.00625తో భాగిస్తే 160. ఈ అమరికకు సూత్రం ఇలా రాసుకోవచ్చు:

```
టైటర్ = 10 × 2^n
n = గుంపు కట్టిన ఆఖరి ట్యూబు సంఖ్య
n = 4 అయితే 10 × 16 = 160
```

అన్ని ల్యాబుల అమరికా ఇదే కాదు. కొన్ని కిట్లలో యాంటిజెన్ ఒక్క చుక్కే వేయమంటారు, ఆ చుక్కను లెక్కలో వేయరు. అందుకే ఆఖరి పలచనను ఎలా లెక్కపెట్టారో కిట్ కాగితంలో చదివాకే సంఖ్య రాయాలి.

ఇక పొరపాట్ల సంగతి. ప్రతిసారీ 0.5 బదులు 0.55 మి.లీ. లాగుతున్నాడనుకోండి. అయిదు మార్పిడులు దాటేసరికి ఆరో ట్యూబులో ఉండాల్సినదానికన్నా పావువంతుకు పైగా సీరం ఎక్కువుంటుంది. పిపెట్ టిప్ బయట అంటుకున్న సీరం పక్క ట్యూబులోకి పోయినా ఇలాగే టైటర్ ఎక్కువ చూపిస్తుంది. ఒక ట్యూబు తేడా రావడానికి సీరం రెండింతలు కావాలి, అందుకని చిన్న తప్పు చాలాసార్లు పైకి కనబడదు. కానీ సీరం బలం రెండు ట్యూబుల సరిహద్దులో ఉంటే ఆ కాస్తే చాలు, ఫలితం పక్క ట్యూబుకు జారుతుంది. ఒకే సీరాన్ని రెండుసార్లు చేస్తే ఒక ట్యూబు అటూ ఇటూ రావడాన్ని అందుకే మామూలుగా తీసుకుంటారు.

మధ్యలో ఒక ట్యూబు ఖాళీ చూపించి, దాని తర్వాతిది గుంపు కడితే అది మామూలు తేడా కాదు. కలపడంలోనో, మార్చడంలోనో తప్పు జరిగింది, మొత్తం మళ్లీ చేయాల్సిందే. మొదటి ఒకటి రెండు ట్యూబులు మాత్రమే ఖాళీగా ఉండి తర్వాతవి వరసగా గుంపు కడితే సంగతి వేరు. యాంటీబాడీలు మరీ ఎక్కువైతే ఒక్కో బాక్టీరియాను విడివిడిగా కప్పేస్తాయి, రెండింటిని కలిపి పట్టుకునే వీలు తగ్గిపోతుంది. దీన్ని ప్రోజోన్ అంటారు. మొదటి ట్యూబు చూసి ‘నెగటివ్’ అని లేచిపోయినవాడికి ఇది అసలు కనబడదు. కంట్రోల్ ట్యూబే గుంపు కట్టిందంటే యాంటిజెన్‌లోనో సెలైన్‌లోనో తేడా ఉంది, ఆ ర్యాక్‌లో ఏ ఫలితమూ రాయకూడదు.

ఇప్పుడు ఆ 1:160 రోగికి ఏం చెబుతుంది? ఒక్కటే అయితే, పెద్దగా ఏమీ చెప్పదని నేను గట్టిగా అంటాను. టైఫాయిడ్ తరచూ కనిపించే ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొంత టైటర్ ఉంటుంది. జ్వరం మొదటి రోజుల్లో నిజమైన రోగికీ యాంటీబాడీలు తయారై ఉండకపోవచ్చు. క్రిమిని నేరుగా పట్టుకునేది బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలు కాకముందు తీస్తే మేలు. విడాల్‌నే నమ్ముకోవాల్సి వస్తే, వారం పది రోజుల తర్వాత రెండో నమూనా తీయాలి. టైటర్ నాలుగింతలు పెరిగిందా అని చూడాలి. నాలుగింతలంటే రెండు ట్యూబులు, మన చేతి తేడా అయిన ఒక ట్యూబును దాటిన పెరుగుదల.

మన కుర్రాడి రోగికి రెండో నమూనాలో 1:320 వస్తే అది ఒక్క ట్యూబే, పెరిగిందని చెప్పలేం. ఆరు ట్యూబులూ గుంపు కడితే 640కి చేరినట్టు, నాలుగింతలైనట్టే. అయితే ఏడో మెట్టు చూడలేదు కాబట్టి ‘640 లేదా అంతకన్నా ఎక్కువ’ అని రాయాలి, లేదా ఇంకా పలచన చేసుకుంటూ గుంపు కట్టని ట్యూబు వచ్చేదాకా పోవాలి. ఈ పోలిక నిలబడాలంటే మొదటి సీరాన్ని ఫ్రీజర్‌లో దాచి, రెండింటినీ ఒకే రోజు, ఒకే సీసాలోని యాంటిజెన్‌తో, పక్కపక్క వరసల్లో పెట్టి చేయాలి.