ఇంట్లో డేకేర్‌లో ఎంతమంది పిల్లలు? అపోహలు, వాస్తవాలు

ఇంట్లో డేకేర్ పెట్టాలనుకునే తల్లికి బంధువులు, ఇరుగుపొరుగు మొదట చెప్పే మాట ఒకటే: "ఇల్లు విశాలంగా ఉంది, ఇద్దరు పిల్లల్ని పెంచిన అనుభవం ఉంది, ఒక ఆయాను పెట్టుకుంటే పాతికమందిని చూసుకోవచ్చు." ఈ మాట నమ్మి మొదలుపెట్టిన చోట పసివాళ్లు గంటల తరబడి కుర్చీలో కట్టేసినట్టు కూర్చుంటారు, తడిసిన డైపర్‌తో నిద్రపోతారు, టీవీ ముందు అన్నం తింటారు. ఆ తల్లి మనసు మంచిది కాకపోవడం దీనికి కారణం కాదు. మొదటి రోజు వేసిన లెక్కే తప్పు.

పాతికమంది అన్న అంకె గది కొలతలోంచి వస్తుంది. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానానికి అనుబంధంగా వచ్చిన ప్రమాణాలు 30 మంది పిల్లల తరగతికి కనీసం 35 చదరపు మీటర్ల గది ఉండాలంటాయి. అంటే ఒక్కొక్కరికి సుమారు పన్నెండున్నర చదరపు అడుగులు. 300 చదరపు అడుగుల హాలున్న ఇంటికి ఈ లెక్క వేస్తే 24 మంది పడతారు. అయితే ఆ ప్రమాణాలే మనుషుల సంఖ్యనూ చెప్పాయి: మూడేళ్లలోపు పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్లవాళ్లు ఇరవైమందికి ఒకరు. గది కొలతను పట్టుకున్నవారు ఈ రెండో లెక్కను వదిలేస్తున్నారు.

పదిమందికి ఒకరు అన్నది కూడా దాటకూడని హద్దే. పసికందులతో ఆ హద్దు దాకా వెళ్లడం కష్టం. పది నెలల బిడ్డ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు, అంటే 540 నిమిషాలు డేకేర్‌లో ఉంటుందనుకుందాం. పాలు, మెత్తటి అన్నం కలిపి నాలుగుసార్లు తినిపించాలి. సారికి ఇరవై నిమిషాల చొప్పున 80 నిమిషాలు. డైపర్ నాలుగుసార్లు మార్చి కడగడానికి 20 నిమిషాలు. రెండుసార్లు జోకొట్టి పడుకోబెట్టడానికి మరో 30. మొత్తం 130 నిమిషాలు. అలాంటి బిడ్డలు నలుగురుంటే 520 నిమిషాలు. ఒక మనిషి రోజంతా అక్కడే అయిపోయింది. చేతులు కడుక్కోవడం, సీసాలు మరిగించడం, తలుపు దగ్గరికి వచ్చిన తల్లితో రెండు మాటలు మాట్లాడడం, చూసుకునే మనిషి తన అన్నం తాను తినడం ఇందులో లేవు. ఇంగ్లండ్‌లో ఇంటి వద్ద పిల్లల్ని చూసుకునేవారికి సాధారణంగా ఎనిమిదేళ్లలోపువాళ్లు ఆరుగురే హద్దు. వారిలో ఐదేళ్లలోపువాళ్లు ముగ్గురికి, ఏడాదిలోపు బిడ్డ ఒకరికి మించకూడదు. ఆ నియమం కఠినంగా కనిపించినా, దాని వెనక ఉన్నది ఇదే నిమిషాల లెక్క.

ఎంతమందిని చేర్చుకోవచ్చో తేల్చే అసలు పరీక్ష ఆయా రాని రోజు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒక బిడ్డ వాంతి చేసుకుంటే, ఆ బిడ్డను ఎత్తుకున్న నిర్వాహకురాలు మిగిలినవాళ్లను కంటితో కనిపెట్టుకోగలగాలి. వంటింట్లో పొగ వస్తే ఒక మనిషి రెండు చంకల్లో ఇద్దరు పసివాళ్లను ఎత్తుకుని, నడిచే పిల్లల్ని ముందు నడిపించి బయటికి తేగలగాలి. ఆ పని సాధ్యం కాని సంఖ్య, ఆయా వచ్చిన రోజున కూడా ఎక్కువే.

ఇల్లు ఎంత పెద్దదైతే అంత మంచిదన్నది ఇదే అపోహకు తోబుట్టువు. డేకేర్‌కు పనికొచ్చే స్థలం అంటే ఒకచోట నిలబడ్డ మనిషికి కనిపించే స్థలం. నాలుగు పడకగదుల స్వతంత్ర గృహంలో కనిపించని మూలలే ఎక్కువ. హైదరాబాద్ ఇళ్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది కారు నిలిపే చోట ఉండే నీటి సంపు. దాని మూతకు తాళం పడాలి. ట్యాంకర్ వచ్చి నీళ్లు పోసి వెళ్లాక ఆ తాళాన్ని మళ్లీ చూసుకోవాలి. స్నానాలగదిలో బకెట్ బోర్లించి ఉండాలి. నడక నేర్చే బిడ్డ తలకిందులుగా పడితే బకెట్ అడుగున ఉన్న కొద్ది నీళ్లూ ప్రాణం తీస్తాయి. డాబా మెట్లకు కింద ఒకటి, పైన ఒకటి తలుపు కావాలి. బాల్కనీ గ్రిల్ సందు నాలుగంగుళాలు దాటకూడదు. ఇవన్నీ చేశాక ఒక హాలు, ఒక నిద్రగది, ఒక స్నానాలగది తెరిచి మిగతా గదులకు తాళం వేయడమే మేలు.

విశాలమైన ఇల్లు నిజంగా కలిసొచ్చేది బడి అయ్యాక వచ్చే పిల్లలకు. ఆరు నుంచి పదేళ్లవాళ్లు తామే తింటారు, చెబితే వింటారు. వాళ్లకు కావలసింది హోంవర్క్‌కు బల్ల, ఆడుకోవడానికి వాకిలి. రేట్లు పేటను బట్టి మారతాయి కానీ ఒక ఉదాహరణ వేసి చూడవచ్చు. పసివాళ్లు ఇద్దరు తొమ్మిదివేల చొప్పున, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లు నలుగురు ఏడువేల చొప్పున, బడి పిల్లలు ఎనిమిదిమంది నాలుగువేల చొప్పున ఉంటే నెలకు 78,000 వస్తుంది. ఆయాకు 14,000, సాయంత్రం మనిషికి 7,000, పాలు, టిఫిన్లకు 10,000, కరెంటు, శుభ్రతకు 7,000 పోతే 40,000 మిగులుతుంది. వేసవి సెలవుల్లో బడి పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లకు వెళితే రాబడి 46,000కు పడుతుంది. సాయంత్రం మనిషి జీతం ఉండదు, మిగతా ఖర్చులు తగ్గి 25,000కు వస్తాయి. చేతికి 21,000. ఈ రెండు నెలలను లెక్కలో వేయనివాళ్లే జూన్‌లో ఆదరాబాదరా పసివాళ్లను పదిమందిని చేర్చుకుంటారు. సెలవుల్లో ఊళ్లోనే ఉండే పిల్లలకు రోజంతా చూసుకునే రేటును మార్చిలోనే చెప్పి, పేర్లు రాసుకోవడం మంచిది.

మిగతా నమ్మకాలపై ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. నిద్ర పట్టడానికి కొంచెం జలుబు మందు వేయవచ్చన్నది బిడ్డ ఊపిరికే ముప్పు, ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. చీర ఉయ్యాలలో బిడ్డను వదిలి పక్కకు వెళ్లకూడదు. గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఇంట్లోనే కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదన్నదీ తప్పే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అంగీకారం రాతలో తీసుకోవాలి, ట్రేడ్ లైసెన్సు సంగతి మున్సిపల్ కార్యాలయంలో కనుక్కోవాలి. గృహ అవసరాల మీటరుపై వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అదనపు వసూలుకు అవకాశముంది.

తల్లి అనుభవమే చాలన్న మాటలో కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. ఏడుపు ఆకలిదో నిద్రదో పోల్చుకోవడం ఏ సర్టిఫికెట్ కోర్సుకన్నా పెంచిన చేతికే బాగా తెలుసు. కొత్త బిడ్డను మొదటి వారం గంట, రెండు గంటలు చొప్పున అలవాటు చేయడంలో ఆ నేర్పు ఎంతో పనికొస్తుంది. అయితే తన బిడ్డకు తానే నిర్ణయించే తల్లి, ఎదుటివారి బిడ్డకు అలా నిర్ణయించకూడదు. ఏ మందైనా తల్లిదండ్రులు మోతాదు, వేళ రాసి సంతకం చేస్తేనే వేయాలి. ఏ తిండి పడదో చేర్చుకునే రోజునే రాయించుకోవాలి. బిడ్డను తీసుకెళ్లగల వారి పేర్లు, ఫొటోలు దగ్గర ఉంచుకోవాలి.

డేకేర్‌కు పంపితే పిల్లలకు ఎప్పుడూ జలుబేనన్న మాట కూడా మొదటి ఏడాది వరకు నిజమే. అక్కడ చిక్కు మరోటి ఉంది. ఉదయం పారాసెటమాల్ వేసి పంపిన బిడ్డ వచ్చేటప్పుడు చల్లగా ఉంటుంది. మందు బలం నాలుగు నుంచి ఆరు గంటలే కాబట్టి మధ్యాహ్నానికి ఒళ్లు మళ్లీ కాలుతుంది, అప్పటికి పక్కవాళ్లకూ అంటి ఉంటుంది. అందుకే తలుపు దగ్గరే "పొద్దున ఏమైనా మందు వేశారా" అని అడగాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరమున్న బిడ్డను, మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉండేదాకా రానివ్వబోమని ఫారంలోనే రాయాలి. ఆ రోజులకు ఫీజు తగ్గుతుందా లేదా అన్నదీ అదే ఫారంలో, పిల్లను చేర్చే రోజునే ఉండాలి.