“అలవాటైపోతది లే” అంటే కాదు అక్కా

మా పెద్దమ్మ కూతురికి ఈ ఏడాదే టీచర్ ఉద్యోగం వచ్చింది, నస్పూర్‌లోనే ప్రైమరీ స్కూల్. ఆమె మూడో తరగతిలో ఆటిజం ఉన్న బాబు ఒకడున్నాడు. మధ్యాహ్న భోజనం అయ్యాక స్టీల్ ప్లేట్లు కడిగే చప్పుడుకి చెవులు మూసుకొని అరుస్తాడట. ఒకరోజు అక్క చిరాకుతో “శభాష్, ఇంకా గట్టిగా అరువు” అంది. వాడు నిజంగానే ఇంకా గట్టిగా అరిచాడు. “నన్ను ఎక్కిరిస్తుండారా వాడు?” అని నాకు ఫోన్ చేసింది. నేను సీఎస్ఈ, డాక్టర్‌ని కాదు. కానీ ఈ విషయం మీద కొన్ని పేపర్లు చదివాను కాబట్టి ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

అక్క రెండు ప్రశ్నలు అడిగింది. చప్పుడుకి అంత భయం ఎందుకు? వెటకారం ఎందుకు అర్థం కాలేదు? ఆమె వీటిని వేర్వేరు సమస్యలు అనుకుంది. నాకు మాత్రం ఆ రోజు మధ్యాహ్నం అవి రెండూ కలిసే వచ్చాయనిపించింది.

ముందు చప్పుడు సంగతి. స్టాఫ్‌రూమ్‌లో అందరూ “మెల్లగ అలవాటైపోతది లే” అంటున్నారట. నస్పూర్‌లో పెరిగినవాళ్ళకి ఈ మాట సహజమే, బొగ్గు లారీల మోత మనకి ఎప్పుడో వినపడటం మానేసింది. అమెరికాలో యూసీఎల్ఏకి చెందిన షులామైట్ గ్రీన్ బృందం 2015లో సరిగ్గా ఈ అలవాటు పడటాన్నే చూసింది. పిల్లల్ని ఎంఆర్ఐ మెషీన్‌లో పడుకోబెట్టి ట్రాఫిక్ మోత వినిపిస్తూ, చేతికి గరుకైన ఉన్ని బట్ట తగిలించారు. అలా మళ్ళీ మళ్ళీ చేశారు. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని, ముఖ్యమైనదాన్ని గుర్తుపట్టి హెచ్చరిస్తుంది. మామూలు పిల్లల్లో ఆ హెచ్చరిక క్రమంగా తగ్గింది. ఆటిజంతో పాటు శబ్దం, స్పర్శ ఎక్కువగా బాధపెట్టే పిల్లల్లో అంతగా తగ్గలేదు. అంటే పదోసారి మోగిన ప్లేటు కూడా వాళ్ళకి దాదాపు మొదటిసారి మోగినట్టే ఉంటుంది. ఓర్చుకోమంటే సరిపోదు, మనకి ఆ మోతని తగ్గించి పెట్టే పనే అక్కడ సరిగ్గా జరగట్లేదు.

ఆటిజం ఉన్న అందరూ ఇలా ఉండరు. అదే స్టడీలో ఆటిజం ఉన్నా శబ్దానికి పెద్దగా ఇబ్బంది పడని పిల్లలూ ఉన్నారు. కొందరికైతే దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది, పిలిచినా, దెబ్బ తగిలినా వెంటనే తెలియదు.

ఇక వెటకారం. “శభాష్” అన్న మాటకి అర్థం ఒకటి, అక్క గొంతులో ఉన్నది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య తేడా పట్టుకోవాలంటే ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఊహించాలి. ఆ పనిలో నుదురు వెనక మధ్యభాగం, చెవికి కాస్త పైన, వెనకవైపు ఉండే భాగం, ఇంకా కొన్ని కలిసి ఒక నెట్‌వర్క్‌లా పనిచేస్తాయి. 2018లో గ్రీన్ బృందమే పిల్లలకి వెటకారపు మాటలు వినిపిస్తూ, మధ్యలో చేతికి గరుకు స్పర్శ తగిలించింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఆ స్పర్శ ఉన్నప్పుడు భాషకి, ఆలోచనకి సంబంధించిన భాగాల పని తగ్గింది. మన భాషలో చెప్పాలంటే ఇంటరప్ట్‌లు ఆగకుండా వస్తుంటే ప్రాసెసర్ అసలు ప్రోగ్రామ్ దాకా రానట్టు. (పోలిక ఇంతవరకే. మెదడులో అలాంటి ఒక్క ప్రాసెసర్ ఏదీ లేదు.)

అదే స్టడీలో నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. “ముఖం చూడు, గొంతు ఎలా ఉందో విను” అని ముందే చెప్పినప్పుడు, ఆ గరుకు స్పర్శ ఉన్నా సరే నుదురు వెనక భాగం పని పెరిగింది. అంటే ఆ సామర్థ్యం అక్కడ లేకపోలేదు, దేని మీద దృష్టి పెట్టాలో చెప్తే పని చేస్తోంది. అయితే ఇవి కొద్దిమంది పిల్లల మీద చేసిన స్టడీలు, వచ్చినవి సగటు ఫలితాలు. మన బాబు తలలో ఏం జరుగుతోందో స్కాన్ లేకుండా నేను చెప్పలేను. పైగా కొందరికి నిశ్శబ్దంలో కూడా వెటకారం కష్టమే.

అందుకే అక్కకి ఒక చిన్న టెస్ట్ చెప్పాను. అదే మాట, అదే గొంతుతో, ఒకసారి ప్లేట్ల మోతలో, ఇంకోసారి పొద్దున ప్రేయర్‌కి ముందు ఖాళీ వరండాలో అనాలి. వరండాలో అర్థమై మోతలో కాకపోతే, ముందు సరిచేయాల్సింది మోతని. రెండు చోట్లా అర్థం కాకపోతే వెటకారం మానేసి నేరుగా చెప్పాలి. దాంతో పాటు ఒక నోట్‌బుక్‌లో టైమ్, అప్పుడున్న చప్పుడు, అక్క అన్న మాట, వాడు చేసిన పని వారం రోజులు రాయమన్నా.

వారం తర్వాత ఆ పేజీలు వాట్సాప్‌లో పంపింది. వరండాలో ఆమె వెటకారంగా అంటే వాడు నవ్వి “టీచర్, ఉత్తగనే అంటున్నరు” అన్నాడట. అరుపులు ఐదుసార్లు. అందులో నాలుగు భోజనం అయిన పావుగంటలోనే, ఒకటి మాత్రం కిర్రుమనే ఫ్యాన్ కింద కూర్చోబెట్టిన రోజు. ఇప్పుడు ఆ పావుగంట వాడు ప్లేట్లకి దూరంగా, చివరి గదిలో బొమ్మలు గీస్తున్నాడు. లోపలికి పిలిచేటప్పుడు అక్క “క్లాస్ మొదలైంది, వచ్చి నీ జాగాల కూర్చో” అని మాత్రమే అంటోంది. ఫ్యాన్ రిపేర్‌కి హెడ్‌మాస్టర్‌కి లెటర్ పెట్టింది, ఇంకా ఎవరూ రాలేదు.