కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు

బోరు నీటిలో కరిగి ఉండే కాల్షియం బైకార్బనేట్, నీళ్లు కాగినప్పుడు కాల్షియం కార్బనేట్‌గా మారి కెటిల్ అడుగున, గీజర్ కాయిల్ మీద పెచ్చు కడుతుంది. ఈ పెచ్చు వేడిని నీటికి అందనివ్వదు. కాయిల్ మాత్రం మితిమీరి వేడెక్కి, చివరికి కాలిపోతుంది. నీళ్లు కాగడం ఆలస్యమైనా, గీజర్‌లో టపటప చప్పుడొచ్చినా ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

కెటిల్‌కైతే లీటరు వేడినీటిలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి అరగంట ఉంచితే చాలు. బుడగలు ఆగిపోయినా పెచ్చు మిగిలితే మళ్లీ పోయాలి. ఆ నీటిని మరిగించకూడదు. కాల్షియం సిట్రేట్ తెల్లగా పేరుకుంటుంది.

మరిగిస్తే బైకార్బనేట్ల కాఠిన్యమే పోతుంది, సల్ఫేట్లది మిగిలిపోతుంది. ఇంటి మొత్తానికి రెసిన్ సాఫ్ట్‌నరే నమ్మకమైన దారి. అది కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది. సబ్బు నురగ తగ్గిందంటే రెసిన్‌ను ఉప్పునీటితో కడగాలి. ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవారికి తాగునీటి కుళాయిని వేరుగా ఉంచడం మంచిది.