నడుము తగ్గింది, గుమ్మం వంగింది

పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి నడుము దిద్దారని ముందుగా పట్టిచ్చేది ఆమె వెనకున్న ద్వారబంధమే. నిటారుగా ఉండాల్సిన చెక్క సరిగ్గా నడుము ఎత్తుకు వచ్చేసరికి వంపు తిరుగుతుంది. ఫొటోషాప్‌లోని లిక్విఫైకి మనిషికీ గోడకూ తేడా తెలియదు. బ్రష్ వలయంలో ఉన్నదాన్నంతా కలిపి జరుపుతుంది. నడుము లోపలికి జరిగితే ఖాళీ అయిన చోటును పక్కనున్న గోడే సాగి నింపాలి మరి.

అలా సాగినా అన్ని గీతలూ పాడవవు. టైల్స్ మధ్య అడ్డగీత ఉందనుకోండి. నడుమును ఆ గీత వెంటే అడ్డంగా నెడితే గీత సాగుతుందే కానీ వంగదు. చెయ్యి కాస్త పైకో కిందికో పోయిందా, అల తేలుతుంది. నిలువు గీతకు ఆ వెసులుబాటు లేదు, అడ్డంగా నెట్టినంతా వంపే.

6000 పిక్సెళ్ల ఎత్తున్న ఫొటో తీసుకుందాం. వెనక టైల్స్ గోడ, నడుముకు కాస్త ఎడంగా ద్వారబంధం. ముందు Ctrl+J నొక్కి లేయర్‌కు నకలు తీసి, Filter మెనూలో Liquify తెరవాలి. Freeze Mask బ్రష్‌తో ద్వారబంధం మీద పూస్తే అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. ఆ భాగం ఇక కదలదు. జాగ్రత్త పడాలని నడుము అంచుదాకా పూసేస్తారు కొందరు. అప్పుడు సాగడానికి గోడ మిగలక అంచు పక్కన చారలు పడతాయి. మధ్యలో కొంత గోడను వదిలేయాల్సిందే.

తర్వాత Forward Warp. బ్రష్ నడుము వంపుకంటే పెద్దదిగా, Pressure 20–30 మధ్య ఉంచి మెల్లగా నెట్టాలి. చిన్న బ్రష్‌తో నడుమంతా ఎగుడుదిగుళ్లే. ఒక్కో పక్క 15 పిక్సెళ్లు చాలంటాను. అది దాటితే వడ్డాణం గుండ్లు నొక్కుకుపోయి కోలగా కనిపిస్తాయి.

దవడకు Face-Aware Liquifyలో Jawline అనే స్లయిడర్ ఉంది. కొద్దిగా జరిపితే చాలు, కానీ జుంకాలూ పక్కనున్న గోడా కూడా దానితో కదలొచ్చు. OK కొట్టాక పై లేయర్‌కు మాస్క్ పెట్టి, ముఖానికి దూరంగా వంగిన చోట నల్ల బ్రష్ పూస్తే అడుగున ఉన్న అసలు గోడ బయటపడుతుంది. Ctrl+Rతో రూలర్ తెప్పించి, అక్కడినుంచి ఒక గైడ్‌ను గీత పక్కకు లాగితే మిగిలిన వంపు తెలిసిపోతుంది.

ద్వారబంధం నడుముకు ఆనుకునే ఉంటే ఈ తంటాలేవీ పనికిరావు. మనిషిని సెలెక్ట్ చేసి వేరే లేయర్ మీదికి తేవాలి. అడుగు లేయర్‌లో ఆమె అంచు వెంబడి Clone Stampతో ద్వారబంధాన్ని లోపలికి పొడిగించాలి. నడుము జరిగేది 15 పిక్సెళ్లే కాబట్టి 30 పిక్సెళ్ల పట్టీ గీసుకుంటే సరిపోతుంది. ఆపైన మనిషి ఉన్న లేయర్ ఒక్కదాన్నే లిక్విఫై చేస్తే, నడుము తప్పుకున్న చోట చెక్క నిటారుగానే కనిపిస్తుంది.