చేరబోయే మనిషికి టీమ్ లీడ్ రాసే ఉత్తరం

కొత్త ఉద్యోగంలో చేరేవారికి కంపెనీ నుంచి వచ్చే మెయిళ్లకు కొదవుండదు. హెచ్‌ఆర్ వాళ్లు తేవలసిన సర్టిఫికెట్ల జాబితా పంపుతారు. ఐటీ విభాగం లాప్‌టాప్ నిబంధనలు పంపుతుంది. పెద్ద అధికారి పేరుతో అందరికీ ఒకే మూసలో శుభాకాంక్షలు వస్తాయి. అయినా సోమవారం పొద్దున ఎవరి దగ్గరికి వెళ్లాలో, మధ్యాహ్నం దాకా ఏం చేస్తూ కూర్చోవాలో, ఏదైనా తెలియకపోతే ఎవరిని అడగాలో వాటిలో ఎక్కడా ఉండదు. ఆ సంగతులు తెలిసినవారు టీమ్ లీడ్ ఒక్కరే. అందుకే లీడ్ సొంతంగా రాసే పది పదిహేను వాక్యాల స్వాగత ఉత్తరానికి అంత విలువ.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టీముల్లో పనిచేస్తూ ఇలాంటి ఉత్తరాలు అందుకున్నాను, రాశాను, తోటి లీడ్లు రాసినవి చదివాను. వాటిలో చాలావరకు బాగానే రాసినవి. చిక్కల్లా అవి చేరిన తీరులోనే. లీడ్ సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చి, కొత్తవారి కంపెనీ మెయిల్‌కి ఉత్తరం పంపుతారు. ఆ మెయిల్ తెరవాలంటే లాప్‌టాప్ చేతికి రావాలి, పాస్‌వర్డ్ మార్చుకోవాలి, ఫోన్లో ధ్రువీకరణ యాప్ పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యేసరికి సాయంత్రమవుతుంది, ఒక్కోసారి మర్నాడవుతుంది. ‘పదిన్నరకు మూడో అంతస్తుకు రండి’ అన్న వాక్యాన్ని మంగళవారం చదువుకుని ఏం లాభం? ఉత్తరం ముందు పనిదినం సాయంత్రమే, అంటే శుక్రవారం నాడే, హెచ్‌ఆర్ దగ్గరున్న వ్యక్తిగత మెయిల్‌కి వెళ్లాలి. దాంతోపాటు ఫోన్‌కి రెండు ముక్కల మెసేజ్ పెడితే ఇంకా మంచిది. బయటి మెయిల్‌కి వెళ్తుంది కాబట్టి అందులో పాస్‌వర్డులు, క్లయింటు పేర్లు, లోపలి లింకులు ఉండకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే చిన్న టీమ్. ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్‌కు దగ్గర. క్లయింటు న్యూయార్క్‌లో. చేరబోతున్న అమ్మాయి ఇంజినీరింగ్ పూర్తి చేసుకుని గుంటూరు జిల్లా నుంచి వస్తోంది, ఇదే మొదటి ఉద్యోగం. లీడ్ ఆమెకు ఇలా రాశారనుకుందాం:

“నమస్తే. సోమవారం నుంచి మీరు మా టీమ్‌లో ఉంటారు. రిఫండ్ల విభాగాన్ని పరీక్షించడానికి ఒక మనిషి కావాలని ఎప్పటి నుంచో చూస్తున్నాం, మిమ్మల్ని తీసుకున్నది ఆ పనికే.

తొమ్మిదిన్నరకు గేటు దగ్గరికి రండి. ఆధార్ లేదా మరేదైనా ఫొటో గుర్తింపు కార్డు ఒరిజినల్ తెచ్చుకోండి. ఫోన్లో ఫొటో చూపిస్తే సెక్యూరిటీ వాళ్లు లోపలికి పంపరు. మధ్యాహ్నం దాకా హెచ్‌ఆర్ వాళ్ల దగ్గర ఉంటారు. పన్నెండున్నరకు నేనే వచ్చి మిమ్మల్ని భోజనానికి తీసుకెళ్తాను. టీమ్‌లో సగం మంది బాక్సు తెచ్చుకుంటారు, మిగతావాళ్లు క్యాంటీన్‌లో తింటారు. మీకు ఎలా వీలైతే అలా.

లాప్‌టాప్ ఆ రోజే ఇస్తారు. టెస్ట్ సర్వర్‌కి అనుమతి మాత్రం బుధవారానికి గానీ రాదు, దరఖాస్తు నేను పెట్టేశాను. ఈలోగా ఖాళీగా ఉన్నానని కంగారు పడకండి. మీ సిస్టమ్ సిద్ధం చేసుకోవడానికి ఒక గైడ్ ఉంది, దాన్ని వరుసగా అనుసరించండి. గైడ్‌లో ఉన్నదానికీ తెరమీద కనిపించేదానికీ పొంతన కుదరని ప్రతి చోటా రాసి పెట్టుకోండి. శుక్రవారం మనిద్దరం కూర్చుని గైడ్ సరిచేద్దాం. మీ మొదటి పని అదే.

మీ పక్క సీటులో ఉండేవారు నిరుడు చేరారు. మొదటి రెండు వారాలు రోజూ మూడు నుంచి మూడున్నర దాకా మీ సందేహాల కోసమే సమయం ఉంచుకున్నారు. ఏదైనా అరగంట ప్రయత్నించినా తెగకపోతే మూడయ్యేదాకా ఆగక్కర్లేదు, వెంటనే అడగండి.

క్లయింటుతో కాల్ సాయంత్రం ఏడింటికి ఉంటుంది, నవంబరు నుంచి ఎనిమిదింటికి మారుతుంది. మొదటి నెల మీరు అందులో ఉండక్కర్లేదు. ఆ తర్వాత వారానికి రెండు రోజులు ఇంటి నుంచే వినొచ్చు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పుకుంటారని ఇప్పుడే రాస్తున్నాను.

ఇక్కడ ఒకరినొకరం పేరు పెట్టే పిలుచుకుంటాం. మొదట్లో ఇబ్బందిగా ఉంటే ‘గారు’ చేర్చండి, ఎవరూ ఏమీ అనుకోరు. సార్, మేడమ్ అవసరం లేదు. సోమవారం నాలుగింటికి మనం ఇరవై నిమిషాలు మాట్లాడుకుందాం.”

ఇందులో కంపెనీ ఘనత మీద ఒక్క వాక్యం కూడా లేదు. అది ఇంటర్వ్యూకు ముందే ఆ అమ్మాయి చదివేసి ఉంటుంది. తనను ఎందుకు తీసుకున్నారో మాత్రం మొదటి పేరాలోనే ఉంది. ‘మీలాంటి ప్రతిభావంతులు రావడం మా అదృష్టం’ అంటే ఎవరికైనా సరిపోతుంది. ‘రిఫండ్ల విభాగానికి మనిషి కావాలి’ అన్నది ఆమెకు తప్ప ఇంకెవరికీ వర్తించదు.

కాల్ వేళ గురించి అంత వివరం దేనికని కొందరు లీడ్లు అడుగుతారు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర అంటే మనకు వేసవిలో సాయంత్రం ఏడు, చలికాలంలో ఎనిమిది. పాతవాళ్లకు అలవాటైపోయి ఎవరూ చెప్పరు. హాస్టల్ గేటు తొమ్మిదింటికి మూసేస్తారనుకోండి, ఎనిమిదింటి కాల్ ఆఫీసులో కూర్చుని వినాల్సి వస్తే ఆ అమ్మాయికి అదే పెద్ద సమస్య. చేరిన వారంలోనే దాన్ని నోరు విప్పి చెప్పడం కష్టం. ముందే రాసేస్తే ఆమె అడగాల్సిన అవసరమే పడదు.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించి రాయవలసింది మొదటి పని గురించే. కొత్తవారికి మొదటి మూడు రోజులు అనుమతులు రావు, చేతిలో పనుండదు, చుట్టూ అందరూ తలమునకలై ఉంటారు. లీడ్లు సాధారణంగా ఈ ఖాళీని పాత డాక్యుమెంట్లతో నింపుతారు. ఏ ప్రశ్నా లేకుండా రెండు వందల పేజీలు చదివితే ఏమీ తలకెక్కదు. గైడ్ సరిచేయించడంలో ఉన్న సౌలభ్యం ఏమిటంటే, దానికి అనుమతులేవీ అక్కర్లేదు, వారంలో పూర్తవుతుంది, పైగా టీమ్‌లో మరెవరూ చేయలేరు. పాతవాళ్లు ఆ గైడ్ తెరిచి చాలా కాలమై ఉంటుంది. ఏడో మెట్టులో చెప్పిన సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఇప్పుడు దొరకదనీ, తొమ్మిదో మెట్టులోని బటన్ పేరు మారిందనీ కొత్త కంటికే తెలుస్తుంది. శుక్రవారం సరిచేసిన గైడ్ మీద ఆమె పేరు ఉంటుంది. ఇక బుధవారం టెస్ట్ సర్వర్ తెరుచుకోగానే నకిలీ కార్డుతో వంద రూపాయల చెల్లింపు చేసి, అందులో నలభై వెనక్కి పంపి, ఆ తర్వాత డెబ్బై పంపడానికి ప్రయత్నించమని చెప్పొచ్చు. అరవై మించి పంపడానికి సిస్టమ్ ఒప్పుకోకూడదు. ఈ ఒక్క ప్రయత్నంతో రిఫండ్ల విభాగం దేన్ని కాపాడుతోందో ఆమెకు బోధపడుతుంది.

పక్క సీటు మనిషి విషయంలోనే ఎక్కువగా మాట తప్పడం జరుగుతుంది. ఉత్తరంలో పేరు రాసేస్తారు, ఆ మనిషికి చెప్పరు. లేదా చెబుతారు గానీ వారి పనిలో ఏమీ తగ్గించరు. అదే వారం రిలీజ్ ఉంటే కొత్తవారు అడిగిన ప్రతిసారీ ‘ఒక్క ఐదు నిమిషాలు’ అన్న జవాబే వస్తుంది. రెండుసార్లు ఆ మాట విన్నాక మూడోసారి అడగరు. కాబట్టి ఉత్తరం పంపేముందే ఆ మనిషి క్యాలెండర్‌లో అరగంట కట్టిపెట్టాలి, వారి పనిలోంచి ఏదో ఒకటి తీసి మరొకరికి ఇవ్వాలి. వారు సెలవులో ఉంటే ఎవరని కూడా అనుకోవాలి. చేరి ఏడాది దాటని వారినే ఎంచుకోవడం నా అలవాటు. తాము ఎక్కడ తడబడ్డారో వారికి ఇంకా గుర్తుంటుంది.

లీడ్ చేసే చిన్న పనులకు ఎంత ఫలితం ఉంటుందో గూగుల్ అనుభవం చెబుతుంది. ఆ కంపెనీ మానవ వనరుల విభాగాన్ని నడిపిన లాస్లో బాక్ 2015లో వచ్చిన తన పుస్తకం ‘వర్క్ రూల్స్’లో దీని గురించి రాశారు. కొత్తవారు చేరే ముందు వారి మేనేజరుకు ఒక గుర్తుచేసే మెయిల్ వెళ్లేది. అందులో ఐదే పనులు: బాధ్యతల గురించి మాట్లాడటం, ఒక తోడు మనిషిని కేటాయించడం, పరిచయాలు పెంచడం, ఆరు నెలల పాటు నెలకోసారి కూర్చోవడం, దాపరికం లేకుండా మాట్లాడనివ్వడం. ఆ మెయిల్‌ను పట్టించుకున్న మేనేజర్ల దగ్గర చేరినవారు పాతిక శాతం త్వరగా పనిలో కుదురుకున్నారట. మన దేశంలోనే విప్రో కాల్ సెంటర్లలో డేనియల్ కేబుల్ బృందం చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులో కొంతమందికి చేరిన రోజు ఒక గంటసేపు కంపెనీ గొప్పదనం చెప్పారు, మరికొంతమందిని తమ బలాల గురించి మాట్లాడమన్నారు. తర్వాతి నెలల్లో ఉద్యోగం మానేసినవారు ఈ రెండో గుంపులోనే తక్కువ. ఈ ఫలితాన్నిబట్టే నేను స్వాగత ఉత్తరంలో కంపెనీని తగ్గించి, మనిషిని పెంచమంటాను.

రాయకూడనివీ ఉన్నాయి. ‘ఆరు నెలల్లో పర్మినెంట్ అవుతారు’, ‘వచ్చే ఏడాది ఆన్‌సైట్ పంపిస్తాం’ లాంటి మాటలు లీడ్ చేతిలో ఉండవు. మొదటి ఉద్యోగంలో చేరే పిల్లలు వాటిని ఇంట్లో చదివి వినిపిస్తారు, తల్లిదండ్రులు మాట ఇచ్చినట్టే భావిస్తారు. జీతం, పీఎఫ్, సెలవుల సంగతి హెచ్‌ఆర్‌కే వదిలేయాలి. ఎవరిని కలవాలో చెబితే చాలు. కొత్తవారి ఊరు, కుటుంబం, పెళ్లి ప్రస్తావనలతో టీమ్ అందరికీ పరిచయ మెయిల్ పెట్టడం కూడా సరికాదు. టీమ్‌కు పంపే పరిచయంలో ఏం చెప్పాలో ఆమెనే అడగాలి.

నాలుగింటి మాటామంతీలో లీడ్ ‘అంతా బాగుందా?’ అని అడిగితే ‘బాగుంది సార్’ అనే జవాబు వస్తుంది. ఎవరైనా అలాగే అంటారు. ‘ఈ రోజు మీకు తెరుచుకోనివి ఏవి?’ అని అడిగితే లాప్‌టాప్‌లో ఏ యాప్ మొరాయించిందో, గైడ్‌లో ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో చెబుతారు. ఉత్తరంలో ఉన్న విషయాన్నే మళ్లీ అడిగితే ఆ వాక్యం అర్థమయ్యేలా లేదని గ్రహించి తిరగరాసుకోవాలి. ఒక్క ప్రశ్నా రాకపోతే ఇంకా ఎక్కువ పట్టించుకోవాలి. మర్నాడు పక్క సీటు మనిషిని పిలిచి, మూడింటికి ఆమె అడిగింది ఏమిటో, అసలు అడిగిందో లేదో కనుక్కోవాలి. అడగలేదంటే బుధవారం మూడింటికి లీడ్ తనే వెళ్లి పక్కన కూర్చుని, ఆ వంద రూపాయల రిఫండ్ ఇద్దరూ కలిసి చేసి చూడాలి.